పెళ్ళి వీడియోలో మాయమైన మాటలు

పెళ్ళి వీడియో ఇంటర్నెట్టులో పెట్టి, పై ఊళ్ళలో వున్న చుట్టాలకు కబురు పంపడం ఇప్పుడు ఇంటింటా జరుగుతున్న పని. అమెరికాలో వున్న మేనత్త చూసి, "బాగానే వుందిగానీ, మధ్యలో కొంచెంసేపు బొమ్మ కదులుతున్నది, మాట వినబడటం లేదేమిటర్రా?" అని అడుగుతుంది. ఇక్కడ ఇంట్లోవాళ్ళు ఆమె ఫోను చెడిపోయిందనుకుంటారు. ఆమె ఇక్కడివాళ్ళ కెమేరా చెడిపోయిందనుకుంటుంది. రెండూ కావు. పందిట్లో లౌడుస్పీకరులో ఎవరో ఒక సినిమా పాట పెట్టారు. ఆ పాటకు హక్కుదారు వున్నాడు. ఆ పాట మోగినంతసేపూ వీడియో గొంతు నొక్కబడింది. దీనినే మ్యూట్ చేయడం అంటారు.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం నిదానంగా చూద్దాం. ఎందుకంటే, ఎలా జరుగుతుందో తెలిస్తేనే ఎక్కడ జరిగిందో వెతకడం సులభమవుతుంది.

యూట్యూబుకు కంటెంట్ ఐడి అనే ఒక ఏర్పాటు 2007 నుంచి వుంది. పాటల కంపెనీలు తమ రికార్డులను ముందుగానే వారికి అప్పగిస్తాయి. ఆ ఒక్కొక్క రికార్డునుంచి యంత్రం ఒక వేలిముద్ర తీసి దాచుకుంటుంది. మనం వీడియో ఎక్కించగానే దాని ధ్వనినుంచి కూడా వేలిముద్రలు తీసి, దాచుకున్న వాటితో పోల్చి చూస్తుంది. పాతగా ఎక్కించిన వాటిని కూడా వదలదు. కంపెనీవారు రికార్డును ఆలస్యంగా అప్పగిస్తే, మూడేళ్ళ కిందటి పెళ్ళిమీద ఇవాళ ఆక్షేపణ రావచ్చు.

"వేలిముద్ర" అన్నంత మాత్రాన పాటను యంత్రం మనలాగా విని, "ఆహా, ఇది ఫలానా పాట!" అని గుర్తు పడుతుందనుకోకండి. కంటెంట్ ఐడి లోపలి కీలకం బయటికి చెప్పరు. అయితే ఇటువంటి యంత్రాల పద్ధతి ఒకటి 2003 లోనే ప్రచురింపబడింది. పాట పేరు చెప్పే షజాం అనే దాని పద్ధతి అది. ధ్వనిని కాలమూ, స్థాయీ అనే రెండు గీతల మధ్య ఒక పటంగా గీస్తారు. అందులో తక్కినవాటికంటే బలంగా వున్న చుక్కలను మాత్రం వుంచి మిగతాదంతా చెరిపేస్తారు. మిగిలేది రాత్రిపూట ఆకాశం లాగా వుంటుంది. రెండేసి చుక్కలను జతచేసి, వాటి స్థాయిలెంత, వాటి మధ్య ఎంత కాలం గడిచింది అని లెక్క రాసుకుంటారు. పందిట్లో వందమంది గోలచేసినా, వంటవాళ్ళు గిన్నెలు మోగించినా, బలమైన చుక్కలు చాలావరకు నిలిచే వుంటాయి. మబ్బులు కొంచెం కమ్మినా సప్తర్షి మండలాన్ని గుర్తుపట్టవచ్చుగదా! అదీ సంగతి.

ఇందులోనుంచి రెండు విషయాలు తేలుతాయి. మొదటిది: ముద్ర సరిపోవడానికి కొన్ని క్షణాల పాటైనా వినబడాలి. కనుక యంత్రం చెప్పే ప్రారంభం, ముగింపూ అసలు పాట మొదలైన, ఆగిన క్షణాలతో ఖచ్చితంగా కలిసితీరవు. అటూ యిటూ కొంచెం తేడా వుంటుంది. రెండవది: సరిపోలేది ఆ రికార్డు. త్యాగరాజస్వామి 1847 లో సిద్ధి పొందారు, ఆయన కృతులు అందరివీ. కాని ఫలానా విద్వాంసుడు పాడగా ఒక కంపెనీ వేసిన రికార్డు అందరిదీ కాదు. మీ అమ్మాయి సొంతంగా పాడితే ఒక లెక్క, రికార్డు పెడితే ఒక లెక్క. అయితే యూట్యూబు యంత్రం కొన్నిసార్లు బాణీని కూడా పోలుస్తుంది. మేళంవారు సన్నాయిమీద సినిమా పాట వాయించినా ఆక్షేపణ రావడానికి అవకాశం వుంది.

"పెళ్ళిలో పాట పెట్టుకోవడం కూడా తప్పేనా?" అని అడిగేవారున్నారు. మంచి ప్రశ్న. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టంలో 52 వ సెక్షను కొన్ని మినహాయింపులను చెబుతుంది. మతసంబంధమైన ఉత్సవాల సందర్భంలో రికార్డు వినిపించడం హక్కు భంగం కాదనీ, ఉత్సవమంటే పెళ్ళి ఊరేగింపూ, పెళ్ళికి సంబంధించిన వేడుకలూ కూడా చేరతాయనీ అందులో వుంది. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఈ సంగతినే ఒక ప్రకటనలో మళ్ళీ చెప్పింది. కనుక పందిట్లో పాట పెట్టినవాడు దొంగ కాడు. కాని ఆ మినహాయింపు వేడుక జరుగుతున్నప్పుడు వినిపించడాన్ని గురించి. ఆ పాటను బొమ్మతో కలిపి వీడియోగా తయారుచేసి లోకమంతటికీ పెట్టడం వేరే పని. పైగా యంత్రానికి సెక్షన్లు తెలియవు, చుక్కలే తెలుసు.

ఇక మ్యూట్ చేసేది ఎవరు? ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. ఫేస్‌బుక్కులో అయితే, ముద్ర కలిసిన చోట ఆ సంస్థే ధ్వనిని తీసివేసి, మీ వీడియోలో కొంత భాగం మ్యూట్ అయిందని మీకు ఒక నోటీసు పంపుతుంది. యూట్యూబు దారి వేరు. అక్కడ హక్కుదారు మూడింటిలో ఒకటి కోరుకుంటాడు: వీడియోను ఆపివేయడం, దానిమీద ప్రకటనలు వేసి డబ్బు తీసుకోవడం, ఊరికే ఎంతమంది చూశారో లెక్క చూసుకోవడం. ఒక దేశంలో ఆపి మరొక దేశంలో వదిలిపెట్టడం కూడా కద్దు. వీడియో ఆగిపోయిందని కంగారుపడి, దాన్ని విడిపించుకోవడానికి మ్యూట్ మీట నొక్కేది సాధారణంగా మన ఇంటి కుర్రవాడే! అంటే గొంతు నొక్కింది మన చెయ్యే.

నొక్కేటప్పుడు అక్కడ రెండు దారులు చూపిస్తారు. ఒకటి Erase song. పాటను మాత్రం చెరిపి మాటలను వుంచడానికి ప్రయత్నించేది. రెండవది ఆక్షేపణ వచ్చిన భాగంలో ధ్వనినంతా తీసివేసేది, Mute all sound. తొందరలో వున్నవాడు రెండవదాన్ని నొక్కుతాడు, అది తప్పకుండా పనిచేస్తుంది గనుక.

ధ్వనినంతా తీసివేయడం ఎందుకంత నష్టమో చెప్పాలి. సినిమాలో అయితే మాట ఒక పట్టీమీద, పాట ఒక పట్టీమీద విడివిడిగా వుంటాయి. పెళ్ళి కెమేరాకు అటువంటి వైభవం లేదు. పురోహితుడి మంత్రం, పెద్దమ్మ పిలుపు, లౌడుస్పీకరు పాట, సీలింగు ఫాను రొద, అన్నీ ఒకే ధ్వనిగా కలిసి పడతాయి. పాలూ నీళ్ళూ కలిసినట్లు కలిసిపోయిన తరువాత, నీళ్ళను వేరుచేసే హంస కావాలి. Erase song అనేది ఆ హంస చేయబోయే పని. ఒకోసారి చేయగలదు, ఒకోసారి చేయలేదు. రెండవ మీట హంస కాదు, గిన్నె బోర్లించడం.

ఒక కేసు చెబుతాను. కాకినాడలో నాకు తెలిసిన ఒక కుటుంబంలో పెద్దమ్మాయి పెళ్ళి వీడియో 1 గంట 52 నిమిషాలు. ఎక్కించిన మరుసటిరోజునే ఒక సినిమా పాటమీద క్లెయిము వచ్చి వీడియో ఆగిపోయింది. పిల్ల తమ్ముడు రెండవ మీట నొక్కాడు. వీడియో విడుదలయింది, అందరూ చూశారు, సంతోషించారు. అక్షింతలు వేసేటప్పుడు తాతగారు నిలబడి ఆశీర్వదిస్తూ నాలుగు మాటలు చెప్పారు. మరుసటి ఏడు ఆ పెద్దాయన పోయారు. సంవత్సరీకానికి ఆ మాటలు విందామని అందరూ వీడియో ముందు కూర్చున్నారు. తాతగారు లేచి నిలబడ్డారు, చెయ్యెత్తారు, పెదవులు కదిలాయి. మాట లేదు.

ఆ కుర్రవాడు నా దగ్గరికి వచ్చినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న, "ఎక్కడనుంచి ఎక్కడిదాకా పోయిందో ఎలా తెలుస్తుందండీ?" అని. సరైన ప్రశ్న. ఆ రెండు కాలాలు తెలిస్తే, అసలు వీడియోలో అదే చోటికి వెళ్ళి, పోయినదేమిటో చూడవచ్చు.

మ్యూట్ నొక్కక ముందైతే ఇది చాలా తేలిక. కంప్యూటరులో యూట్యూబు స్టూడియో తెరిచి, ఎడమవైపు Content అన్నదాన్ని నొక్కితే మీ వీడియోల పట్టిక వస్తుంది. అందులో Restrictions అనే నిలువు వరుస వుంటుంది. మీ వీడియోకు ఎదురుగా ఆ వరుసలో Copyright అని కనిపిస్తే, దానిమీద బాణాన్ని నిలపండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది, అందులో See details నొక్కండి. ఏ పాట, అది ఎన్నో నిమిషంనుంచి ఎన్నో నిమిషందాకా దొరికింది అన్న వివరం అక్కడ కనబడుతుంది. ఏ మీటా నొక్కకముందే దాన్ని ఒక కాగితంమీద రాసుకోవాలి. ఎందుకంటే, మ్యూట్ పూర్తికాగానే ఆ క్లెయిము తొలగిపోతుంది. తొలగిపోయిన తరువాత ఆ వివరం అక్కడే వుంటుందని నమ్ముకోరాదు. ఈ కుర్రవాడు రాసుకోలేదు.

అప్పుడు చెవులే ఆధారం. అయితే గంటా యాభైరెండు నిమిషాలు మొదటినుంచీ వింటూ కూర్చోనక్కరలేదు. సినిమా పాట సాధారణంగా మూడు నిమిషాలకు తక్కువ వుండదని లెక్కవేసుకుని, రెండేసి నిమిషాలకు ఒకసారి ఆగి విన్నాం. ఆగే దూరం పోయిన భాగంకంటే తక్కువగా వుండాలి. ఎక్కువైతే ఆ భాగాన్ని దాటి వెళ్ళిపోయి, అంతా బాగానే వుందనుకుంటాం. 40 వ నిమిషంలో మాటలు వినబడ్డాయి. 42 వ నిమిషంలో లేవు. 44 లో లేవు. 46 లో మళ్ళీ వినబడ్డాయి. అంటే 40 కీ 42 కీ మధ్య ఎక్కడో మొదలయింది. ఇక దాన్ని సగం చేస్తూపోవడమే. 41 దగ్గర వింటే మాట వుంది. 41:30 దగ్గర లేదు. 41:15 దగ్గర లేదు. 41:08 దగ్గర లేదు. 41:04 దగ్గర వుంది. రెండు నిమిషాల వెడల్పు అయిదుసార్లు చూసేసరికి నాలుగు క్షణాలకు వచ్చింది. చివర రెండుసార్లు వరసగా వింటే 41:07 దగ్గర ధ్వని టక్కున తెగింది. ఇదేవిధంగా రెండవ చివర 44:52 అని తేలింది. మొత్తం 3 నిమిషాల 45 సెకన్లు.

ఈ వెతుకులాటలో ఒక మోసం వుంది. నిశ్శబ్దమంతా మ్యూట్ కాదు. ఫొటో తీసేటప్పుడు పందిరంతా ఒక్కక్షణం మౌనంగా వుండవచ్చు. కెమేరా మైకు తీగ వూడి వుండవచ్చు. ఇంటర్నెట్టు నత్తనడక నడవవచ్చు. వీటిని ఎలా వేరు చేయడం? అసలైన మౌనంలో కూడా ఫాను రొద, ఎవరో దగ్గడం, గుడ్డల గరగర వుంటాయి. శ్రద్ధగా వింటే గది ఊపిరి తీస్తున్నట్లు వుంటుంది. మ్యూట్ అయినచోట ఆ ఊపిరి కూడా వుండదు. కత్తితో కోసినట్లు ఒకేసారి పోయి, ఒకేసారి వస్తుంది. ఇంటర్నెట్టు దోషమైతే బొమ్మ కూడా ఆగుతుంది, రెండోసారి చూస్తే మరొకచోట ఆగుతుంది. మ్యూట్ మాత్రం ఏ ఫోనులో చూసినా, ఎన్నిసార్లు చూసినా అదే సెకను దగ్గర వుంటుంది. మైకు తీగ సంగతి అసలు వీడియో చూస్తేగాని తేలదు. అందులోనూ ధ్వని లేకపోతే తప్పు తీగది.

మ్యూట్ అయిన వీడియో ఫైలుగా మీ కంప్యూటరులో వుంటే చెవులకు కూడా శ్రమ వుండదు. ఆడాసిటీ అనే ఉచిత సాధనంలో ధ్వనిని తెరిస్తే అది అలలుగా కనబడుతుంది. మాటలూ మంత్రాలూ వున్నంతమేరా ముళ్ళకంచెలా ఎగుడుదిగుడుగా వుండి, మ్యూట్ అయినచోట ఒక సన్నని గీత మిగులుతుంది. కంచెలో దడి విరిగినచోటు దూరంనుంచే కనిపించినట్లు కనిపిస్తుంది. ఇంట్లో కంప్యూటరు చదువుకున్న పిల్లలుంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే మరొక సాధనంతో ఇంకా సూక్ష్మంగా తెలుసుకోవచ్చు. వారికి ఈ ఒక్క వాక్యం ఇస్తే చాలు, ఫైలు పేరు pelli.mp4 అనుకుందాం:

```
ffmpeg -i pelli.mp4 -vn -af silencedetect=noise=-60dB:d=3 -f null -
```

మూడు సెకన్లకు తక్కువ కాకుండా, ఈ చెప్పిన స్థాయికంటే కిందికి ధ్వని పడిపోయిన ప్రతిచోటునూ అది సెకన్లలో చెబుతుంది. మా కేసులో ఫైలు వుండివుంటే `silence_start` ఎదురుగా 2467 కు దగ్గర అంకె, `silence_end` ఎదురుగా 2692 కు దగ్గర అంకె వచ్చేవి. 60 చేత భాగిస్తే 41 నిమిషాల 7 సెకన్లూ, 44 నిమిషాల 52 సెకన్లూ అవుతాయి. పందిట్లో సహజంగా వున్న మౌనం కూడా పట్టికలో చేరుతున్నదని అనుమానం వస్తే `-60dB` బదులు `-80dB` అని రాయమనండి. గది మౌనం సాధారణంగా అంత లోతుకు పోదు, మ్యూట్ పోతుంది.

పిల్లలు ఆడే ఆటలను ప్రత్యక్షంగా చూపించే ట్విచ్ అనే చోట ఈ వెతుకులాట లేదు. వీడియో కింద సాగే గీతమీద మ్యూట్ అయినంతమేరా ఎరుపు రంగు వేసి చూపిస్తారు. అయితే 2014 ఆగస్టులో వాళ్ళు ఈ పని మొదలుపెట్టినప్పుడు వీడియోను అరగంట ముక్కలుగా పరీక్షించేవారు. ఒక ముక్కలో ఎక్కడో ఒక పాట కలిస్తే అరగంటా మూగపోయేది. చూసేవాళ్ళు గోలపెట్టారు, పెట్టరా మరి!

మళ్ళీ కాకినాడకు వద్దాం. ఆ కుటుంబం అదృష్టం, వీడియోగ్రాఫరు ఇచ్చిన పెన్‌డ్రైవు బీరువాలో పట్టుచీరెల మధ్య భద్రంగా వుంది. అందులోని వీడియో కూడా 1 గంట 52 నిమిషాలే. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మ్యూట్ చేస్తే ధ్వని పోతుందిగాని కాలం మారదు. కనుక యూట్యూబులో 41:07 అన్నది పెన్‌డ్రైవులోనూ 41:07 అవుతుంది. అదే ఆ భాగాన్ని పూర్తిగా కత్తిరించే దారి, అంటే ట్రిం, ఎంచుకుని వుంటే వీడియో పొట్టిదై, ఆ తరువాతి కాలాలన్నీ ముందుకు జరిగేవి. రెండు వీడియోల మొత్తం నిడివిని ముందుగా పోల్చి చూస్తే ఏది జరిగిందో తెలిసిపోతుంది.

41:07 దగ్గర పెట్టి విన్నాం. వెనుక సినిమా పాట గట్టిగానే మోగుతున్నది. దాని మీదుగా తాతగారి గొంతు వినిపించింది. ఇంట్లో ఆడవాళ్ళు లేచి లోపలికి వెళ్ళిపోయారు.

ఇంటివరకు అదే చాలు. ఫైలును ఫైలుగానే చుట్టాలకు పంపుకోవచ్చు. కాని కుర్రవాడు మళ్ళీ యూట్యూబులో పెట్టి తీరాలన్నాడు. పెన్‌డ్రైవులోని వీడియోను కొత్తగా ఎక్కించాడు. ముందు చెప్పినట్లే క్లెయిము వచ్చింది, కాలాలు కూడా సుమారు అవే. ఈసారి రాసుకుని, Erase song ఎంచుకున్నాడు. పాటా మాటా బాగా పెనవేసుకుపోయినచోట ఇది పనిచేయకపోవచ్చునని యూట్యూబువారే హెచ్చరిస్తారు. అటువంటప్పుడు మిగిలేది రెండవ మీట, లేదా కత్తిరించడం, లేదా హక్కుదారుతో వాదించడం. వాదన పెడితే జవాబు చెప్పడానికి హక్కుదారుకు 30 రోజులు గడువుంటుంది. కాని "మేము డబ్బుకోసం పెట్టలేదు, మా పెళ్ళి" అన్నది వాదనగా నిలవదు. అనుమతిపత్రమో, రికార్డు తమదే అన్న రుజువో, చట్టం ఇచ్చిన మినహాయింపో చూపాలి. చేతిలో అటువంటిదేమీ లేనివారు ఆ దారి పట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మార్పు పూర్తి కావడానికి కొంతసేపు పట్టింది. తరువాత తెరిచి చూస్తే పాట దాదాపు పోయింది. తాతగారి గొంతు కొంచెం రేకు డబ్బాలోనుంచి వస్తున్నట్లు మారింది. రెండుచోట్ల ఒక్కొక్క మాట చివర తెగింది. మిగిలినదంతా అర్థమవుతున్నది. అక్కడ తెగిన రెండు మాటలూ ఏవో పెన్‌డ్రైవులో విని, ఆ కుర్రవాడు వీడియో కింద వివరంలో 42:31, 43:10 అని కాలాలు వేసి రాసిపెట్టాడు.